లిఫ్ట్ ఎక్కనివాళ్ళు, మోటారు వాడనివాళ్ళు: ఎదుటివారి సూత్రాన్ని చివరిదాకా నడిపించి చూపడం ఎలా

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది పాత అపార్ట్‌మెంటు. కింద 3 ఫ్లాట్లు, పైన నాలుగు అంతస్తుల్లో 12, మొత్తం 15. ఆ మధ్య లిఫ్ట్ తాళ్ళు మార్చాలన్నారు. సముద్రపు గాలికి ఈ ఊళ్ళో ఇనుము ఎన్నాళ్ళని నిలుస్తుంది! ఎస్టిమేషన్ 90,000 రూపాయలు వచ్చింది, అంటే ఇంటికి 6,000. ఆదివారం పొద్దున్న టెర్రస్ మీద మీటింగు పెట్టాం. కింది ఫ్లాటు మాస్టారు లేచి, "మేం లిఫ్టే ఎక్కం. మేమెందుకు కట్టాలండీ?" అన్నారు. ఆ మాటతో కింది మూడిళ్ళూ ఒకటయ్యాయి. వాళ్ళని తీసేస్తే మిగతా పన్నెండిళ్ళకీ తలా 7,500 పడుతుంది. పై వాళ్ళు కేకలు మొదలెట్టారు.

అప్పుడు సెక్రటరీని నేనే. మాస్టారి మాట తప్పని నిరూపించబోయి వరసగా మూడుసార్లు బోర్లా పడ్డాను, నాలుగోసారి నిలబడ్డాను. ఎదుటివారి సూత్రాన్ని కాసేపు ఒప్పుకుని, దాన్నే ముందుకు నడిపించి, వాళ్ళే వద్దనే చోట ఆపడం అనే పద్ధతిని ఈ నాలుగు ప్రయత్నాల మీదుగా చెబుతాను. లెక్కల క్లాసులో √2 కరణీయ సంఖ్య అని నిరూపించినప్పుడు "కాదనుకుందాం" అని మొదలుపెట్టేవారు, గుర్తుందా? ఇదీ అదే, కాకపోతే అక్కడ చివర తేలేది వైరుధ్యం, మీటింగులో తేలేది ఎవరూ మింగలేని ఫలితం. మన తార్కికులు దీన్ని ప్రసంగం అన్నారు, ఉపన్యాసమనే అర్థంలో కాదు, సూత్రం ఒప్పుకుంటే వచ్చిపడే చిక్కు అనే అర్థంలో.

ముందు సూత్రాన్ని బయటికి లాగండి

మనుషులు సూత్రాలు చెప్పరు. తీర్పు చెబుతారు, పక్కన ఒక కారణం పెడతారు. మాస్టారు చెప్పిన తీర్పు "మేం కట్టం", కారణం "మేం ఎక్కం". ఈ రెంటినీ కలిపే వంతెన ఒకటి పైకి చెప్పకుండా మిగిలిపోయింది: "ఒక వస్తువుని వాడనివాళ్ళు దాని ఖర్చు పెట్టుకోనక్కర్లేదు." మీరు పరీక్షించాల్సింది ఈ వాక్యాన్ని. తీర్పు మీద పడితే అరుపులే మిగులుతాయి. కారణం మీద పడదామంటే అది నిజమే, ఆయన లిఫ్ట్ ఎక్కరు.

వంతెనని మీరు ఊహించుకుని ఊరుకోకండి. ఆయన నోటితోనే అవుననిపించుకోండి. నేను మొదట ఆ పని చేయలేదు. నేరుగా, "అయితే పిల్లల్లేనివాళ్ళు ప్రభుత్వ బడుల కోసం పన్ను కట్టడం మానేస్తారా మాస్టారూ?" అన్నాను. నలుగురు నవ్వారు, నాకు గెలిచినట్టే అనిపించింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "నేను అపార్ట్‌మెంటు సంగతి మాట్లాడుతున్నాను, గవర్నమెంటు గురించి అన్నానా?" అన్నారు. ఆయనదే న్యాయం. ఆయనకి కావలసినంత సూత్రాన్ని వదిలేసి, నాకు పడగొట్టడానికి వీలయ్యేంత పెద్ద సూత్రాన్ని ఆయన నెత్తిన పెట్టాను. గడ్డిబొమ్మని చేసి కొట్టడం అంటే ఇదే.

అందుకని సూత్రాన్ని ఆయన తీర్పుకి సరిపడేంత ఇరుకుగా కుట్టండి. "మాస్టారూ, నాకు అర్థమైంది సరో కాదో చూడండి. మన బిల్డింగులో ఏ ఉమ్మడి వస్తువైనా సరే, ఏ ఇంటివాళ్ళు దాన్ని వాడరో ఆ ఇంటికి దాని రిపేరు ఖర్చు వేయకూడదు. ఇదేనా మీరనేది?" అని అడగాలి. ఆయన "అదే, అంతే" అనాలి. సవరిస్తే ఆ సవరణని మీరు మళ్ళీ పైకి చదివి వినిపించాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఇది ఎగ్గొడితే తర్వాత ఇరవై నిమిషాలు "నేను అలా అన్లేదు" దగ్గరే పోతాయి.

ఫలితం చేదుగా ఉండాల్సింది ఆయనకి

సూత్రం ఖాయమయ్యాక నా రెండో ప్రయత్నం. టెర్రస్ మీదే కూర్చున్నాం కాబట్టి అదే నోటికొచ్చింది. కిందటేడు టెర్రస్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, 1,80,000 అయింది, అందరూ తలా 12,000 వేసుకున్నాం. "వాడనివాళ్ళు కట్టనక్కర్లేదంటే, ఆ స్లాబుని కప్పుగా వాడేది పై అంతస్తు మూడిళ్ళే. వాళ్ళే తలా 60,000 పెట్టుకోవాల్సిందా?" అన్నాను.

మాస్టారు మొహం వెలిగిపోయింది. "నిజమే సుమీ. ఆ పన్నెండు వేలూ మా దగ్గర ఎందుకు తీసుకున్నట్టు?"

నాలుగో అంతస్తు వాళ్ళు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తర్కం తప్పలేదు. ఆయన సూత్రం నుంచి ఆ ఫలితం నిక్షేపంగా వస్తుంది. కానీ అది చేదుగా ఉన్నది నాకూ పై వాళ్ళకీ, ఆయనకి మిఠాయి. శాస్త్రంలో దీన్ని ఇష్టాపత్తి అంటారు: మీరు ఆపద అనుకుని చూపించినదాన్ని అవతలివాడు "నాకూ అదే కావాలి" అనేయడం. ప్రసంగానికి తార్కికులు చెప్పిన అయిదు అంగాల్లో రెండు దీని కోసమే ఉన్నాయి. చూపే ఫలితం ప్రతివాదికి అనిష్టం కావాలి, అది ఆయన పక్షానికి అనుకూలించకూడదు. నేను ఒక్క దెబ్బతో రెండూ పోగొట్టుకున్నాను.

కాబట్టి మీటింగుకి వెళ్ళేముందు కాగితం మీద రెండు గళ్ళు గీసుకోండి. ఒకదాంట్లో ఈ సూత్రం వల్ల ఎదుటివారికి మిగిలేవి, రెండోదాంట్లో వాళ్ళు పోగొట్టుకునేవి రాయండి. రెండో గడిలోంచే ఉదాహరణ తీయాలి. అది ఖాళీగా ఉందంటే ఈ పద్ధతి ఆయన మీద పనిచేయదు, వేరే దారి చూసుకోండి.

చేదు అంటే డబ్బు నష్టమే కానక్కర్లేదు. ఆయన ఇంతకుముందు గట్టిగా పట్టుబట్టిన మాటకి విరుద్ధమైనా చాలు, పదిమంది ముందు ఎవరూ సమర్థించలేనిదైనా చాలు. కానీ డబ్బు అయితే లెక్క అందరి కళ్ళకీ కనిపిస్తుంది.

ఆ ఫలితం నిజంగా ఆ సూత్రం నుంచే రావాలి

మూడోసారి డ్రైనేజీ అన్నాను. మాకు మాన్‌హోల్ నిండితే మురుగు ముందు కింది బాత్రూముల్లోకే ఎగదన్నుతుంది. "ఆ బాధ మీ మూడిళ్ళదే కదా, మరి ఆ లైను బాగుచేయించే ఖర్చు మీరే పెట్టుకుంటారా?" అని అడిగాను. ఇది ఆయనకి చేదే. కానీ మాస్టారు ముప్ఫై ఏళ్ళు తొమ్మిది, పది తరగతులకి చెప్పిన మనిషి. "లైను వాడేది పదిహేనిళ్ళూనూ. బాధ మాది, వాడకం అందరిది. నేనన్నది వాడకం గురించి. ఇంకా చెప్పాలంటే మీ మురుగే మా ఇంట్లోకి వస్తోంది" అన్నారు.

మళ్ళీ ఆయనదే న్యాయం. ఒప్పుకున్న వాక్యంలో ఉన్న మాట "వాడటం". నేను చప్పుడు చేయకుండా దాని చోట "నష్టపోవడం" పెట్టాను. ఈ జారుడు మనకే తెలియకుండా జరిగిపోతుంది. పట్టుకోవడానికి ఒక పని చేయండి. సూత్రంలోని మాటల్ని మార్చకుండా, వస్తువు పేరు ఒక్కటే మార్చి వాక్యం మళ్ళీ రాయండి. "పై ఇళ్ళవాళ్ళు డ్రైనేజీ లైను వాడరు కాబట్టి కట్టనక్కర్లేదు" అని రాసుకుని ఉంటే అబద్ధమని అక్కడికక్కడే తెలిసేది.

ఇలాంటిదే ఇంకో జారుడు, మా మీటింగులో రెండో అంతస్తు ఆయన చేశాడు. "ఇవాళ లిఫ్టంటారు, రేపు వాచ్‌మన్ జీతమంటారు, ఎల్లుండి అసోసియేషనే ఉండదు" అన్నాడు. వినడానికి ఒకేలా ఉన్నా ఇది వేరే సరుకు. ఇది జోస్యం. రేపు అలా జరుగుతుందో లేదో ఎవరికి తెలుసు? మనం చూపాల్సింది రేపు జరిగేది కాదు, ఈ నిమిషంలోనే ఆ సూత్రం ఒప్పుకున్నవాడు దేన్ని ఒప్పుకున్నట్టో అది. పరీక్ష తేలికే. మీ వాక్యంలో "క్రమంగా", "అలవాటైపోయి", "చివరికి" లాంటి మాటలు లేకుండా చెప్పలేకపోతే మీరు జోస్యం చెబుతున్నట్టే.

నాలుగోది

వర్షాకాలంలో మా కింది ఫ్లాట్ల వరండాలోకి నీళ్ళొస్తాయి. రోడ్డు రెండుసార్లు ఎత్తు చేశారు, బిల్డింగు పల్లమైపోయింది. అందుకని రెండేళ్ళ కిందట వెనకవైపు గొయ్యి తవ్వించి, నీళ్ళు తోడే మోటారు పెట్టించాం. మోటారుకే 45,000 అయింది, తలా 3,000 వేసుకున్నాం. ఆ మోటారు కావాలని మొదట లేఖ రాసింది మాస్టారే.

ఈసారి తొందరపడలేదు. ముందు వాక్యం సరిచూసుకున్నాను: "పై 12 ఇళ్ళవాళ్ళు వాననీళ్ళ మోటారు వాడరు, కాబట్టి దాని ఖర్చు వాళ్ళకి వేయకూడదు." మాటలు అవే, వస్తువు ఒక్కటే మారింది. తర్వాత, "మీ స్కూటర్లు కూడా కిందే ఉంటాయి కదా, వాటి కోసం మోటారు మీకూ కావాల్సిందే" అని ఆయన అనగలరా అని ఆలోచించాను. అనలేరు. బళ్ళు పెట్టే చోటు గేటు వైపు ఎత్తుగా ఉంది, అక్కడికి నీళ్ళు ఎప్పుడూ రాలేదు. లెక్కా వేసుకున్నాను. ఈ సూత్రంతో మోటారు ఖర్చు మూడిళ్ళకే పడితే తలా 15,000. లిఫ్ట్ తాళ్ళ మీద వాళ్ళకి మిగిలేది 6,000. టెర్రస్ పాత డబ్బు ఎలాగూ వెనక్కి రాదు, మోటారు మాత్రం ఆ ఏడు కాలిపోయి మార్చాల్సి ఉంది. పాత లెక్క కాకుండా రాబోయే ఖర్చు కావడమే దీని బలం.

అడిగేటప్పుడు దాన్ని ప్రశ్నగానే అడగండి, గొంతు పెంచకండి. నేను అన్నది ఇది: "మాస్టారూ, మీ సూత్రం బానే ఉంది. ఒక్కటే అనుమానం. కొత్త మోటారు సంగతి వచ్చే నెల తేల్చాలి కదా. దాన్ని పై వాళ్ళెవరూ వాడరు. ఆ 45,000 మీ మూడిళ్ళకే వేయమంటారా?"

అడిగి నోరు మూసుకోవాలి. నాకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. ప్రశ్న వేశాక వచ్చే నిశ్శబ్దాన్ని నింపాలని నాలుక పీకుతుంది. "చూశారా, దొరికిపోయారు" అన్నారో, అయిపోయింది. ఆయన ఇక సూత్రాన్ని వదిలేసి పరువుని కాపాడుకుంటారు.

మాస్టారి పక్కింటి పిన్నిగారే ముందు తేరుకున్నారు. "అదేటండీ, మోటారు అందరం కలిసి పెట్టుకున్నది కదా!"

తర్వాత ఆయన ఏం చేస్తారో ముందే లెక్క వేసుకోండి

దారులు మూడే ఉంటాయి. ఒకటి, ఫలితాన్ని మింగేయడం: "సరే, మోటారు మేమే పెట్టుకుంటాం." అలా అంటే ఆయన నిజాయితీగా నిలబడినట్టు. మీ ఉదాహరణ చెల్లిపోయింది, గౌరవంగా ఒప్పుకోండి. రెండు, అది తన సూత్రం నుంచి రాదనడం, డ్రైనేజీ దగ్గర చేసినట్టు. మూడు, సూత్రాన్ని సవరించడం. మనుషులు ఎక్కువగా పట్టేది మూడో దారే. మాస్టారూ అదే పట్టారు.

"మోటారు అవసరం. లిఫ్ట్ సౌకర్యం. అవసరమైతే అందరం, సౌకర్యమైతే వాడేవాళ్ళం" అన్నారు.

సవరణ వచ్చిందంటే మొదటి సూత్రం పడిపోయినట్టే, కానీ పని కాలేదు. కొత్త సూత్రాన్నీ అదే వరసలో నడిపించాలి. అయితే ముందుగా ఒక్కటి చూడండి. సవరణకి దాని సొంత కారణం ఉందా, లేక మోటారుని తప్పించడానికే అతికించినదా? అవసరం, సౌకర్యం అన్న తేడాకి అర్థముంది కాబట్టి ఇది అతుకు కాదు. "నీళ్ళకి సంబంధించినవి తప్ప" అని ఉంటే అతుకే అయ్యేది. ఈసారి నేను మాట్లాడాల్సిన పనే పడలేదు. మూడో అంతస్తులో మోకాళ్ళ ఆపరేషనైన మామ్మగారు ఉన్నారు. కుర్చీలోంచే, "నాకు లిఫ్ట్ సౌకర్యమా నాయనా?" అన్నారు.

మాస్టారు నవ్వేశారు.

మీ సూత్రాన్నీ ఆయన నడిపిస్తారు

ఇక్కడితో మేం గెలిచామనుకున్నాం. మాస్టారు తిరగేశారు. "సరే, మరి మీ సూత్రమేంటి? బిల్డింగులో ఏ ఖర్చయినా అందరూ సమానంగానా? అయితే పై ఫ్లాటు బాత్రూం కొళాయి కారితే ఆ ప్లంబరు కూలీ కూడా పదిహేనిళ్ళూ పంచుకోవాలన్నమాట."

తార్కికులు పెట్టిన ఇంకో అంగం ఇదే. మీ తర్కాన్ని ఎదురు తర్కం కొట్టేయగలిగితే అది నిలవదు. అప్పటిదాకా నేను నా సూత్రమేమిటో నాకే చెప్పుకోలేదు. అప్పటికప్పుడు ఇరుకు చేసుకోవాల్సి వచ్చింది: "గోడల లోపలిది ఎవరిది వాళ్ళది, ఉమ్మడి వస్తువు అందరిదీ." ఆయన ఒప్పుకున్నారు గానీ, ఈ మాట నేను ముందే చెప్పి ఉంటే బావుండేది. ఎదుటివారి సూత్రాన్ని కాగితం మీద రాసేటప్పుడే మీది కూడా దాని కింద రాసుకోండి. రాసి, దానికి మీరే ఒక మోటారు వెతకండి.

అధికప్రసంగం అంటే మనకి పిల్లల్ని తిట్టే మాట. శాస్త్రంలో అతిప్రసంగం అంటే సూత్రం తన హద్దు దాటి ఉండకూడని చోటికీ పొర్లడం. కొళాయి దగ్గర పొర్లింది నా సూత్రమే.

దీంతో ఏది తేలుతుంది, ఏది తేలదు

మోటారు ప్రశ్నతో పడిపోయింది "వాడనివాళ్ళు కట్టనక్కర్లేదు" అన్న వాక్యం. "కింది వాళ్ళు తక్కువ కట్టాలి" అన్న తీర్పు పడిపోలేదు. దానికి వేరే మంచి కారణం ఉండొచ్చు. మాకు ఉంది కూడా. లిఫ్ట్‌కి విడి మీటరు ఉంది. ఎక్కేకొద్దీ కరెంటు ఖర్చు పెరుగుతుంది, తాళ్ళు మాత్రం వాడినా వాడకపోయినా ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఈ తేడా పట్టుకుని, తాళ్ళు 15 ఇళ్ళకీ, కరెంటు బిల్లు పై 12 ఇళ్ళకీ వేశాం. ఈ పరిష్కారం నా తర్కంలోంచి రాలేదు. పిన్నిగారు చెప్పారు. తర్కం చేసిందల్లా తప్పు వంతెనని తీసేసి ఆ మాటకి చోటివ్వడం. వంతెన కూలగానే "కాబట్టి మీరు పూర్తిగా కట్టాల్సిందే" అని పట్టుబట్టి ఉంటే ఆ తప్పు మాది అయ్యేది.

డబ్బు లేని చోట ఇది ఇంకా సున్నితం. ఆర్కే బీచ్‌లో సాయంత్రం నడకలో ఒక పెద్దాయన ఎవరో కుర్రాడి గురించి చెబుతూ, "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అన్నారు. తర్కశాస్త్రంలో పాఠం మొదలయ్యే ఉదాహరణ అదే: నిప్పే లేకపోతే పొగా ఉండేది కాదు. వంటింట్లో నిజమైన ఆ మాట పుకార్లకి వర్తిస్తే సూత్రం ఇలా అవుతుంది: పుకారు పుట్టిందంటే అందులో నిజం ఉన్నట్టే. దీన్ని కూల్చడానికి ఆయన ఇంటి మీదే కిందటేడు లేచిన పుకారు నాకు తెలుసు. అది వాడితే వాదన ఒక్క దెబ్బకి ముగిసేది, ఆయనతో నడక కూడా ముగిసేది. అందుకని ఆ కుర్రాడిదే తీసుకున్నాను. "బాబయ్యా, మొన్న ఉద్యోగం పోయిందన్నారు. నిన్న అదే కంపెనీలో ప్రమోషనన్నారు. రెండు పొగలూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి, రెండూ నిజం కాలేవు. ఒకదానికైనా నిప్పు లేనట్టే కదా?" అన్నాను. ఆయన మురీమిక్చర్ పొట్లం మడుస్తూ, "అదీ నిజమేలే" అన్నారు. చేదు ఫలితం ఎదుటివారి గుండెల్లోనే వెతకనక్కర్లేదు. కొన్నిసార్లు ఒకదానికొకటి పొసగని రెండు ఫలితాలు చూపితే సరిపోతుంది, ఎవరికీ గాయం కాదు.

మినిట్స్ పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఒక్క వాక్యం: "ఉమ్మడి వస్తువుల రిపేరు అందరిదీ; వాడకంతో పెరిగే ఖర్చు వాడేవాళ్ళది." మరుసటి నెల మీటింగుకి, హైదరాబాదులో ఉంటూ ఇక్కడ ఫ్లాటుకి తాళం వేసుకున్న ఒక అబ్బాయి వచ్చి, తను ఉండట్లేదు కాబట్టి లిఫ్ట్ కరెంటు, వాచ్‌మన్ జీతం రెండూ కట్టనన్నాడు. నేను నోరు తెరిచేలోపే మాస్టారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"కరెంటు సంగతి నువ్వన్నది సబబే బాబూ. వాచ్‌మన్ దగ్గరికొచ్చేసరికి నీ సూత్రమేంటో ముందు ఒక్క వాక్యంలో చెప్పు. నీ తాళాన్ని రాత్రిళ్ళు కాపలా కాస్తున్నదెవరో తర్వాత మాట్లాడుకుందాం."